కన్వర్టబుల్ బాండ్‌కు విలువ కట్టడం, షేర్లుగా మార్చుకోవాలో లేదో తేల్చుకోవడం: ఒకే బాండ్, మూడు తేదీలు

కన్వర్టబుల్ బాండ్ అంటే అప్పు పత్రమే. వడ్డీ వస్తుంది, గడువు తీరాక అసలు తిరిగి వస్తుంది. దాంతోపాటు ఒక హక్కు కూడా ఉంటుంది: కావాలనుకుంటే అసలు వదులుకుని, ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం కంపెనీ షేర్లు తీసుకోవచ్చు. ఈ ఒక్క వాక్యం చాలామందికి తెలుసు. చిక్కు వచ్చేది తర్వాతే. ఈ పత్రం ఈరోజు ఎంత చేస్తుంది? షేర్ పెరిగింది కదా, మార్చేసుకోవాలా? పడిపోయింది కదా, అమ్మేయాలా?

దీన్ని ఊహించిన కంపెనీతో చెప్పడం కంటే, నిజంగా పుట్టి, పడి, లేచి, ముగిసిపోయిన ఒక బాండ్‌తో చెబుతాను. అమెరికాలోని మైక్రోస్ట్రాటజీ కంపెనీ (ఇప్పుడు స్ట్రాటజీ అన్న పేరుతో నడుస్తోంది) 2020 డిసెంబర్‌లో 65 కోట్ల డాలర్ల కన్వర్టబుల్ నోట్లు అమ్మింది. వచ్చిన డబ్బుతో బిట్‌కాయిన్ కొంది. ఆ నోట్ల జీవితంలో మూడు తేదీలు చూస్తే చాలు, ఈ లెక్కంతా అర్థమవుతుంది. ఇవి పెద్ద సంస్థలకు మాత్రమే అమ్మిన నోట్లు కాబట్టి మనలాంటివాళ్లు నేరుగా కొనగలిగేవి కావు. కానీ లెక్క ఎవరికైనా ఒకటే.

మొదటి పని: పత్రం నుంచి ఆరు విషయాలు రాసుకోవడం

కాలిక్యులేటర్ తీసేముందు ఆఫర్ పత్రం తెరవాలి. మన నోట్‌కు సంబంధించి అందులో ఉన్నవి ఇవి: ముఖవిలువ 1,000 డాలర్లు. కూపన్, అంటే వడ్డీ, ఏడాదికి 0.75 శాతం, డాలర్లలో 7.50, జూన్ 15న సగం, డిసెంబర్ 15న సగం. గడువు 2025 డిసెంబర్ 15. ఒక నోట్‌కు 2.5126 షేర్లు. ధర నిర్ణయించేటప్పటికి షేర్ 289.45 డాలర్లు. ఇక ఆరోది చాలామంది దాటేసే షరతు: 2023 డిసెంబర్ 20 నుంచి, షేర్ ధర కన్వర్షన్ ధరకు, అంటే నోట్ ద్వారా ఒక్కో షేర్ పడే ధరకు, కనీసం 130 శాతం ఉంటూ, వరుసగా 30 ట్రేడింగ్ రోజుల్లో 20 రోజులు నిలబడితే, కంపెనీ ఈ నోట్లను అసలు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. దీన్నే కాల్ అంటారు. ఈ ఒక్క షరతు 2024లో అందరి నిర్ణయాన్నీ శాసించింది. అందుకే దీన్ని మొదట్లోనే రాసుకోమంటున్నాను.

రెండో పని: కన్వర్షన్ రేషియో, పారిటీ

2.5126 అనే అంకె కన్వర్షన్ రేషియో. 1,000ని దానితో భాగిస్తే 397.99 వస్తుంది. అది కన్వర్షన్ ధర. అంటే ఈ నోట్ ద్వారా మీరు ఒక్కో షేర్‌ను 397.99 డాలర్లకు కొంటున్నట్టు. రేషియో, కన్వర్షన్ ధర రెండూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చెబుతాయి కాబట్టి ఒకటి తెలిస్తే రెండోది వచ్చేస్తుంది.

ఇప్పుడు షేర్ ధరను రేషియోతో గుణించండి. 289.45 × 2.5126 = 727.27 డాలర్లు. ఈ నిమిషంలో మార్చుకుంటే చేతికి వచ్చే షేర్ల విలువ ఇదే. దీన్ని కన్వర్షన్ విలువ అనీ, మార్కెట్ భాషలో పారిటీ అనీ అంటారు.

ఇక్కడ నేనే ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను, లెక్కలోనే అనుకోండి. పాత తేదీకి పారిటీ కట్టాలని ఇప్పటి చార్ట్ తెరిచి 2020 డిసెంబర్ ధర చూశాను. అక్కడ 28.9 డాలర్లు ఉంది. 2.5126తో గుణిస్తే 72 డాలర్లు వచ్చింది. వెయ్యి డాలర్ల నోట్‌కు 72 డాలర్ల పారిటీనా అని గంటసేపు తల పట్టుకున్నాను. కారణం ఏమిటంటే, 2024 ఆగస్టులో ఈ షేర్ ఒకటికి పదిగా స్ప్లిట్ అయింది. చార్ట్‌లు పాత ధరలన్నిటినీ పదితో భాగించి చూపిస్తాయి. రేషియో మాత్రం స్ప్లిట్‌కు ముందుది. స్ప్లిట్ జరిగినా, బోనస్ ఇచ్చినా బాండ్ పత్రంలో రేషియో కూడా దానికి తగ్గట్టు మారుతుంది. అందుకే షేర్ ధర, రేషియో రెండూ స్ప్లిట్‌కు ఒకే పక్కన ఉన్నాయో లేదో చూసుకోవాలి. పారిటీ మరీ వింతగా వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మూడో పని: కన్వర్షన్ ప్రీమియం

నోట్‌ను 1,000 డాలర్లకు అమ్మారు. అందులో షేర్ల విలువ 727.27. మిగతా 272.73 డాలర్లు కొన్నవాళ్లు అదనంగా ఇచ్చారు. 272.73ను 727.27తో భాగిస్తే 37.5 శాతం. ఇదే కన్వర్షన్ ప్రీమియం. ముఖవిలువతో కాదు, పారిటీతో భాగించాలి. ఈ పొరపాటు బాగా చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు. అలా చేస్తే 27 శాతం వచ్చి, బాండ్ చవకగా కనిపిస్తుంది.

ఈ 37.5 శాతం ఎందుకు ఇచ్చినట్టు? పాత పాఠాల్లో ఒక సమాధానం ఉంటుంది: షేర్ డివిడెండ్ కంటే బాండ్ కూపన్ ఎక్కువ కాబట్టి, ఆ తేడాతో కొన్నేళ్లలో ప్రీమియం రాబట్టుకోవచ్చు అని. ఈ కంపెనీ షేర్‌కు డివిడెండ్ లేదు కాబట్టి తేడా అంటే పూర్తి కూపన్, ఏడాదికి 7.50. 272.73ను 7.50తో భాగించండి. 36 ఏళ్లు దాటుతుంది. బాండ్ ఆయుష్షే 5 ఏళ్లు. కూపన్లు ఇంత తక్కువగా ఉన్న కాలంలో ఆ కొలత పనికిరాదని నా అభిప్రాయం. ప్రీమియం దేనికి ఇచ్చారో తెలియాలంటే కింద ఉన్న నేల చూడాలి.

నాలుగో పని: బాండ్ ఫ్లోర్

షేర్ హక్కును పూర్తిగా చెరిపేసి, ఇది మామూలు అప్పు పత్రమే అనుకుందాం. అప్పుడు దాని విలువ ఎంత? అదే బాండ్ ఫ్లోర్. రాబోయే కూపన్లనూ అసలునూ ఒక వడ్డీ రేటుతో ఈరోజు విలువకు తగ్గించి కలపాలి. లెక్క సులువే. కష్టమంతా ఏ రేటు పెట్టాలన్న దానిలో ఉంది.

0.75 శాతం పెట్టకూడదు. ఆ తక్కువ కూపన్‌కు కారణమే షేర్ హక్కు. ఇదే కంపెనీ, ఇదే కాలానికి, షేర్ హక్కు లేకుండా అప్పు అడిగితే మార్కెట్ ఎంత వడ్డీ అడుగుతుందో అది పెట్టాలి. మన అదృష్టం కొద్దీ ఇక్కడ ఒక ఆధారం ఉంది. 2021 జూన్‌లో ఇదే కంపెనీ 50 కోట్ల డాలర్ల మామూలు బాండ్లు 6.125 శాతం కూపన్‌తో, 2028 గడువుతో అమ్మింది. వాటికి తాకట్టు ఉంది. మన నోట్లకు తాకట్టు లేదు. కాబట్టి మన రేటు 6.125 కంటే పైనే ఉండాలి. నేను 8 శాతం తీసుకుంటున్నాను. అది నా అంచనా మాత్రమే.

ఆరు నెలలకు ఒకసారి వడ్డీ వస్తుంది కాబట్టి రేటు సగం, విడతలు పది, ఒక్కో కూపన్ 3.75. ఎక్సెల్‌లో ఇలా కొట్టాలి:

```
=PV(0.08/2, 10, -3.75, -1000)
```

జవాబు 705.98. అంటే సుమారు 706 డాలర్లు. 6 శాతం పెడితే 776 వస్తుంది, 10 శాతం పెడితే 643. ఒక్క జవాబు నమ్ముకోకుండా ఈ మూడూ పక్కపక్కన రాసుకోవడం నాకు అలవాటు. ఫ్లోర్ అంటే గీత కాదు, పట్టీ అని కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి తేదీ, అంటే నోట్ పుట్టినరోజు నాటి చిత్రం పూర్తయింది. ధర 1,000. పారిటీ 727. ఫ్లోర్ 706. బాండ్ ధర పారిటీ, ఫ్లోర్‌లలో ఏది పెద్దదైతే దానికంటే కిందికి సాధారణంగా రాదు. పారిటీ కంటే కిందికొస్తే, హక్కు వాడుకునే వీలున్నప్పుడు, ఎవరో ఒకరు బాండ్ కొని, మార్చి, షేర్లు అమ్మి లాభం తీసుకుంటారు.

ధరలోంచి ఫ్లోర్ తీసేస్తే 294 డాలర్లు మిగులుతాయి. అదే షేర్ హక్కుకు కట్టిన ధర. 2.5126 షేర్లకు పంచితే ఒక్కో షేర్‌కు 117 డాలర్లు. 289 డాలర్ల షేర్‌ను ఐదేళ్లలోపు 398కి కొనే హక్కు కోసం 117 డాలర్లు ఇచ్చినట్టు. ఆప్షన్ లెక్కలు తెలిసినవాళ్లు దీన్ని బ్లాక్-షోల్స్ సూత్రంలో పెడితే, డివిడెండ్ సున్నా, వడ్డీ రేటు అరశాతం లోపు అనుకుంటే, వోలటైలిటీ 58 శాతం చుట్టుపక్కల వస్తుంది. బిట్‌కాయిన్‌కు ముడిపడిన షేర్ అంతకంటే ఎక్కువ ఊగుతుందని నమ్మినవాళ్లకు ఆ హక్కు చవక. ఇంత విలువైన హక్కు ఇచ్చింది కాబట్టే కంపెనీకి 0.75 శాతానికి అప్పు పుట్టింది. ఎవరూ ఎవరికీ ఉచితంగా ఏమీ ఇవ్వలేదు.

రెండో తేదీ: 2022 చివర. ఫ్లోర్ నిలబడిందా?

2022లో బిట్‌కాయిన్ కుప్పకూలింది. ఏడాది చివరికి షేర్ సుమారు 142 డాలర్లకు వచ్చింది. పారిటీ 142 × 2.5126, అంటే 357 డాలర్లు. గడువుకు ఇంకా మూడేళ్లు.

పాత 8 శాతంతోనే ఫ్లోర్ కడితే, ఆరు విడతలకు 810 డాలర్లు. చూడటానికి బాగుంది. షేర్ సగానికి పడినా ఫ్లోర్ 706 నుంచి 810కి పెరిగింది, ఎందుకంటే అసలు తిరిగొచ్చే రోజు దగ్గరపడింది. కానీ ఆగండి. కంపెనీ ఆస్తిలో పెద్ద భాగం ఆ బిట్‌కాయినే. దాని దగ్గర అప్పుడు సుమారు 1,32,500 బిట్‌కాయిన్లు ఉన్నాయి. షేర్‌ను పడగొట్టిన కారణమే అప్పు తీర్చే శక్తి మీద కూడా అనుమానం తెచ్చింది. అలాంటప్పుడు అప్పు ఇచ్చేవాడు 8 శాతానికి ఎందుకు ఇస్తాడు? 15 శాతం అడుగుతాడనుకుంటే ఫ్లోర్ 666. 20 శాతమైతే 581.

కన్వర్టబుల్ బాండ్లలో నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. షేర్ ఎంత పడినా కాపాడే నేల ఉందని అమ్మేవాళ్లు చెబుతారు. కానీ షేర్, అప్పు నాణ్యత ఒకే కారణంతో పడే కంపెనీల్లో నేల కూడా కుంగుతుంది. నేల గట్టిగా ఉండేది, షేర్ పడినా వ్యాపారంలో నగదు వస్తూనే ఉండే కంపెనీల్లో. కాబట్టి ఫ్లోర్ కట్టేటప్పుడు ఈరోజు రేటుతో ఒకసారి, షేర్ సగమైన రోజున ఉండబోయే రేటుతో ఇంకోసారి కట్టాలి. ఆ రెండో అంకే మీ నష్టం ఎంతవరకు పోవచ్చో చెబుతుంది.

ఆ రోజు ప్రీమియం లెక్క కూడా వింతగా మారింది. బాండ్ 666 దగ్గర ఉందనుకుంటే, 357 పారిటీ మీద ప్రీమియం 87 శాతం. ఇంత ప్రీమియం చూసి బాండ్ ఖరీదైపోయిందనుకుంటే తప్పు. షేర్ వైపు బాండ్ దాదాపు చచ్చిపోయింది, అది అప్పు పత్రంలా నడుస్తోంది అని మాత్రమే దాని అర్థం. అలాంటి రోజున చూడాల్సింది గడువు దాకా ఉంచితే వచ్చే రాబడి, కంపెనీ గడువు రోజున 1,000 డాలర్లు కట్టగలదా అన్నదే. మార్చుకోవడం అన్న ప్రశ్నే లేదు. మార్చుకుంటే 357.

మన దేశంలో ఈ ప్రశ్నకు చేదు జవాబు ఎదురైన సందర్భం ఉంది. 2008కి ముందు షేర్లు ఎగురుతున్న రోజుల్లో చాలా భారత కంపెనీలు ఎఫ్‌సీసీబీల పేరుతో విదేశీ కరెన్సీలో కన్వర్టబుల్ బాండ్లు అమ్మాయి. షేర్లు కన్వర్షన్ ధరకు ఎంతో కింద ఉండిపోవడంతో గడువు రోజున ఎవరూ మార్చుకోలేదు, నగదు అడిగారు. సుజ్లాన్ 2012 అక్టోబర్‌లో దాదాపు 21 కోట్ల డాలర్లు కట్టలేకపోయింది. ఆ బాండ్ల లెక్కలో ఇంకో మెలిక ఉంటుంది. చాలావాటికి కూపన్ సున్నా, గడువు రోజున అసలు మీద ప్రీమియం కలిపి ఇస్తామని మాట. అలాంటి బాండ్‌కు ఫ్లోర్ కట్టేటప్పుడు చివర ముఖవిలువ కాకుండా, ఇస్తామన్న పూర్తి మొత్తం పెట్టాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన స్టార్టప్‌లలో, ప్రైవేట్ కంపెనీల్లో వాడే సీసీడీలు, అంటే తప్పనిసరిగా షేర్లుగా మారే డిబెంచర్లు, పేరుకు ఈ కుటుంబంలోవే. కానీ వాటిలో అసలు తిరిగి రాదు, మారక తప్పదు. అసలు తిరిగి రాని పత్రానికి ఫ్లోర్ లేదు. "కన్వర్టబుల్ కదా, సేఫ్" అని ఎవరైనా అంటే మొదట ఈ తేడా అడగండి.

మార్చుకోవాలా? నిర్ణయం ఎలా తీసుకోవాలి

షేర్ కన్వర్షన్ ధర దాటగానే మార్చుకోవాలనిపిస్తుంది. ఆ కోరిక సహజం, కానీ చాలాసార్లు నష్టం. మార్చుకున్న క్షణాన మూడు వదులుకుంటున్నారు: మిగిలిన కూపన్లు, కింద ఉన్న నేల, ఇంకా కొంతకాలం ఆగి చూసే హక్కు. ఈ మూడింటికీ మార్కెట్లో ధర ఉంది కాబట్టి, గడువు ఉన్నంతకాలం బాండ్ సాధారణంగా పారిటీ కంటే కొంచెమైనా ఎక్కువ పలుకుతుంది. అందుకే మొదటి పరీక్ష ఎప్పుడూ ఇదే: బాండ్‌ను అమ్మితే పారిటీ కంటే ఎక్కువ వస్తుందా? వస్తే, షేర్లే కావాలనుకున్నా సరే, బాండ్ అమ్మి ఆ డబ్బుతో షేర్లు కొనుక్కోండి. ఎక్కువ షేర్లు వస్తాయి. ఒక్క మినహాయింపు పన్ను. అమెరికాలో మార్చుకోవడం మీద సాధారణంగా వెంటనే పన్ను పడదు, అమ్మితే పడుతుంది. ప్రీమియం చిన్నదైతే పన్ను దాన్ని మించిపోవచ్చు. ధర చూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, బాండ్ కోట్ నూటికి ఉంటుంది. 120 అని కనిపిస్తే 1,200 డాలర్లు.

రెండో పరీక్ష డివిడెండ్. కూపన్‌ను రేషియోతో భాగిస్తే 7.50 ÷ 2.5126, అంటే షేర్‌కు 2.98 డాలర్లు. ఏడాది డివిడెండ్ అంతకంటే పెరిగితే, బాండ్ పట్టుకున్నందుకు ఆదాయం పోతుంది. పెద్ద డివిడెండ్ తేదీకి ముందు, బాండ్ పారిటీ దగ్గరే ఉన్నప్పుడు మార్చుకోవడం సరైనది కావచ్చు. అయితే చాలా పత్రాల్లో డివిడెండ్ ఇస్తే రేషియో పెంచే షరతు ఉంటుంది. అది ఉంటే ఈ కారణం పోతుంది. మన కంపెనీ డివిడెండ్ ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ ఈ ప్రశ్న రాలేదు.

మూడోది కంపెనీ కాల్ చేయడం. ఇక్కడికే 2024 వచ్చి చేరుతుంది.

మూడో తేదీ: 2024 జూన్

షేర్ 1,500 డాలర్ల చుట్టుపక్కలకు చేరింది. కాల్ షరతుకు కావాల్సింది 397.99లో 130 శాతం, అంటే 517 డాలర్లు మాత్రమే. జూన్ 13న కంపెనీ నోటీసు ఇచ్చింది: జూలై 15న నోట్లన్నీ అసలు, వడ్డీ ఇచ్చి వెనక్కి తీసుకుంటాం, మార్చుకోదలచినవాళ్లకు జూలై 11 సాయంత్రం 5 గంటల దాకా సమయం అని.

రెండు దారుల లెక్క చూడండి. ఊరుకుంటే 1,000 డాలర్లు, దాని మీద జూన్ 15 నుంచి 30 రోజుల వడ్డీ 63 సెంట్లు. మార్చుకుంటే, షేర్ 1,500 అనుకుంటే, 3,769 డాలర్ల షేర్లు. ఒక్క నోట్ మీద తేడా 2,768 డాలర్లు. ఇది నిర్ణయం కూడా కాదు, అందుకే దీన్ని బలవంతపు కన్వర్షన్ అంటారు. కంపెనీకి 65 కోట్ల డాలర్ల అప్పు సుమారు 16.33 లక్షల షేర్లుగా మారి బ్యాలెన్స్ షీట్ నుంచి వెళ్లిపోతుంది. ఏ ఫ్లోర్ కోసం, ఏ ప్రీమియం కోసం ఇంత లెక్క కట్టామో అవి రెండూ ఇక్కడ లెక్కలోకి రావు. 8 శాతంతో కడితే ఫ్లోర్ 899 దగ్గర ఉంటుంది, కానీ షేర్ నాలుగో వంతుకు పడితే తప్ప ఎవరికీ దానితో పని పడదు.

అందుకే కాల్ మొదలయ్యే తేదీ దగ్గరపడుతూ, షేర్ 130 శాతం పైన నిలిచి ఉంటే, పారిటీ మీద పెద్ద ప్రీమియం ఇచ్చి ఆ బాండ్ కొనకూడదు. గడువు దాకా ఉండే హక్కు కొంటున్నామనుకుంటారు, కంపెనీ నోటీసు ఇచ్చిన రోజున అది నెలరోజుల హక్కు అయిపోతుంది, ఇచ్చిన ప్రీమియం ఆవిరవుతుంది.

కాల్ నోటీసు లేకుండా గడువు రోజే వస్తే పరీక్ష ఇంకా సులువు. షేర్ 397.99 కంటే పైన ఉంటే మార్చుకోవాలి, కింద ఉంటే 1,000 తీసుకోవాలి.

మార్చుకునేటప్పుడు చేజారేవి

హక్కు ఉందంటే ఎప్పుడైనా వాడుకోవచ్చని కాదు. ఇలాంటి నోట్లలో గడువుకు చివరి కొన్ని నెలల దాకా, షేర్ 130 శాతం పైన నిలవడం, కాల్ నోటీసు రావడం, కంపెనీ చేతులు మారడం లాంటివి జరిగితేనే మార్చుకోనిస్తారు. కంపెనీని ఇంకొకరు కొనేస్తుంటే తొందరపడకండి. అలాంటి సందర్భంలో రేషియోను పెంచే పట్టిక పత్రంలో ఉంటుంది, కొనుగోలు అమల్లోకొచ్చే తేదీకి ముందు మార్చుకున్నవాళ్లకు ఆ అదనపు షేర్లు రావు.

మార్చుకున్న రోజు వరకు పేరుకున్న వడ్డీ సాధారణంగా ఇవ్వరు. కూపన్ ఎవరికి వెళ్లాలో తేల్చే రికార్డ్ తేదీ దాటాక, కూపన్ తేదీకి ముందు మార్చుకుంటే, రాబోయే కూపన్ మొత్తాన్ని మీరే వెనక్కి కట్టాల్సి రావచ్చు. కాల్ అప్పుడు దీనికి మినహాయింపు ఉందేమో పత్రంలో చూడాలి.

ఒక నోట్‌కు 2 షేర్లు వస్తాయి, మిగిలిన 0.5126 షేర్‌కు నగదు ఇస్తారు. మొత్తం షేర్లుగా ఇస్తారా, నగదుగా ఇస్తారా, రెండూ కలిపా అన్నది చాలాసార్లు కంపెనీ ఇష్టం. నగదు అయితే ఆ తర్వాతి కొన్ని రోజుల సగటు ధరతో కడతారు కాబట్టి మీరు అనుకున్న రోజు ధర రాదు. ఇక నోటీసులో జూలై 11 అని ఉన్నా, మీ బ్రోకర్ అంతకు ఒకటి రెండు రోజుల ముందే సూచన అడుగుతాడు. క్యాలెండర్‌లో రాసుకోవాల్సింది బ్రోకర్ చెప్పిన తేదీని.